ఖాళీ చేయమన్న నోటీసుకు జవాబు

దుకాణం ఖాళీ చేయమని ఓనరు తరఫు లాయరు పంపిన నోటీసు చేతికందగానే అద్దెదారు కళ్లు ముందు పడేది అందులోని కారణాల మీదే. బాకీ లేననీ, ఎవరికీ తిరిగి అద్దెకివ్వలేదనీ వెంటనే జవాబు రాయించాలనిపిస్తుంది. కానీ కారణాలను ఖండించినందువల్ల ఒరిగేదెంత అన్నది కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టానికి అసలు కారణాలతో పనే లేదు. వ్యవసాయానికో, వస్తువుల తయారీకో ఇచ్చిన ఆస్తి కాకపోతే, వేరే ఒప్పందమూ లేకపోతే, అద్దె నెలనెలా సాగేదని 106వ సెక్షన్ లెక్క. 15 రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. అప్పట్లో ఒకే ఒక మెలిక: ఆ గడువు అద్దె నెల చివరి రోజుతో ముగియాల్సి ఉండేది. అందుకే అప్పటి ప్లీడర్లు జవాబు రాసే ముందు క్యాలెండరు చూసేవారు. అద్దె నెల 1వ తేదీన మొదలయ్యే షాపుకు జూన్ 20న నోటీసు అంది, 30కల్లా ఖాళీ చేయమంటే రోజులు చాలవు. జులై 15కల్లా అంటే రోజులు సరిపోయినా నెల మధ్యలో తెగుతుంది. రెండూ చెల్లవు, ఓనరు మళ్లీ మొదటికి రావలసిందే. నోటీసులో తప్పులు వెతకాలన్న పట్టుదలతో చదవకూడదని 1918లో హరిహర్ బెనర్జీ కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. దాంతో మాటల్లో దొర్లిన పొరపాట్లకు మన్నింపు దొరికింది గానీ, తేదీల లెక్క మాత్రం పోలేదు.

కారణాలకు విలువ తెచ్చింది అద్దె నియంత్రణ చట్టాలు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు వేర్వేరుగా ఉన్న చట్టాల స్థానంలో 1960 చట్టం వచ్చింది. ఉద్దేశపూర్వకంగా అద్దె ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా తిరిగి అద్దెకివ్వడం, ఓనరుకు నిజంగా సొంత అవసరం ఉండటం వంటి కారణాల్లో ఏదో ఒకటి రుజువు చేస్తేనే ఖాళీ చేయించగలరు. ఇక్కడ జవాబుకు నిజమైన పని దొరికింది. అద్దె తీసుకోవడానికి ఓనరు నిరాకరిస్తుంటే, ఏ బ్యాంకులో కట్టాలో పది రోజుల్లో చెప్పమని అద్దెదారు నోటీసివ్వవచ్చు. చెప్పకపోతే మనియార్డరు పంపాలి. అదీ తిప్పికొడితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయాలి. ఈ కాగితాలన్నీ ఉంటే ఎగవేత ఆరోపణ నిలవడం కష్టం.

అదే చట్టంలో ఒక గొయ్యి కూడా ఉంది. కోపంలో "అసలు నువ్వు ఓనరువే కాదు" అని రాస్తే, సదుద్దేశం లేకుండా యాజమాన్యాన్ని కాదనడమే ఖాళీ చేయించడానికి కొత్త కారణమవుతుంది. లేని కారణాన్ని ఓనరు చేతిలో పెట్టిన జవాబది.

1979లో ధనపాల్ చెట్టియార్ కేసులో ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం, అద్దె నియంత్రణ చట్టం కింద ఖాళీ చేయించడానికి 106వ సెక్షన్ నోటీసే అక్కర్లేదంది. ఆ కోర్టుల్లో తేదీల వాదన అంతటితో పోయింది. 2002 డిసెంబర్ 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ సివిల్ కోర్టుల్లోనూ దాని కోరలు తీసేసింది. ఇప్పుడు నోటీసు అందిన నాటి నుంచి 15 రోజులు చాలు, నెలాఖరు లెక్క లేదు. నోటీసులో తక్కువ రోజులిచ్చినా, చట్టం చెప్పిన గడువు దాటాక దావా వేస్తే ఆ లోపం ఒక్కటే దాన్ని చెడగొట్టదు. 2005లో నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దెలను నియంత్రణ చట్టం నుంచి తప్పించారు. అలా చాలా దుకాణాలు కారణం అడగని పాత చట్టం కిందికే తిరిగొచ్చాయి.

తెలంగాణలోని ఒక నగరంలో నెలకు 12,000 అద్దెకున్న ఒక షాపును ఊహించుకుందాం. ఐదేళ్లకు స్టాంపు కాగితం మీద రాసుకున్నారు, రిజిస్టరు చేయించలేదు. రెండేళ్లయ్యాక నోటీసు వచ్చింది: రెండు నెలల బాకీ, పైగా షాపును ఇంకొకరికి అప్పగించారు. అద్దెదారు మనసంతా "ఇంకా మూడేళ్లుంది" అన్న దాని మీదే. ఆ వాదన నిలవడం కష్టం. రిజిస్టరు కాని ఐదేళ్ల లీజు నెలనెలా సాగే అద్దె కిందే లెక్కని ఆంథోనీ-ఇట్టూప్ కేసులో 2000లో సుప్రీంకోర్టు చెప్పేసింది. రిజిస్టరై ఉంటే కథ వేరు. అప్పుడు ఏ షరతు తప్పామో, అది తప్పితే లీజు రద్దు చేసే హక్కు పత్రంలో ఎక్కడుందో చూపించమని జవాబులో నిలదీయవచ్చు.

రిజిస్టరు కాకపోయినా జవాబు రాయాలి. రాయకపోతే ఒప్పుకున్నట్టేగా అని రేపు కోర్టులో అడుగుతారు. అద్దెదారునని ఒప్పుకుంటూనే, ఆ రెండు నెలల అద్దె ఏ తేదీన బ్యాంకులో పడిందో రాయాలి. ఖాళీ చేయక తప్పకపోయినా డబ్బు లెక్కలో అది పనికొస్తుంది. షాపులో కూర్చుంటున్నది బావమరిది అనీ, జీతానికి పనిచేస్తున్నాడనీ, తాళం తన దగ్గరే ఉందనీ చెప్పాలి. విడిగా జవాబు చెప్పని ఆరోపణలను ఒప్పుకున్నట్టు కాదనీ, తన హక్కులకు భంగం లేకుండా ఈ జవాబిస్తున్నాననీ చివర్లో చేర్చాలి.

ఆ తర్వాతి నెల అద్దె పంపడం దగ్గరే అసలు మెలిక. గడువు ముగిశాక పడిన అద్దెను ఓనరు అద్దెగా పుచ్చుకుంటే నోటీసును వదులుకున్నట్టే అని 113వ సెక్షన్ ఉదాహరణ. అయితే డబ్బు తీసుకున్నంత మాత్రాన సరిపోదు, లీజు కొనసాగించే ఉద్దేశం కనపడాలని కోర్టులు అంటూ వచ్చాయి. అందుకే అద్దెదారు "ఫలానా నెల అద్దె" అని రాసి పంపుతాడు. ఓనరు లాయరు అదే సొమ్ముకు "వాడుకున్నందుకు నష్టపరిహారంగా, మా నోటీసుకు భంగం లేకుండా" అని రసీదు రాస్తాడు.