మందుల చీటీలో 1-0-1, OD, SOS అంటే ఏంటి? ‘వారానికి ఒకటి’ రోజూ వేసుకుంటే ప్రాణాలకే ముప్పు

అమ్మ రాజోలులో.. కొడుకు కువైట్‌లో. అమలాపురంలో డాక్టర్ రాసిన చీటీ ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. ‘ఏది ఎప్పుడు వేసుకోవాల్రా?’ అని కింద ఒక వాయిస్ మెసేజ్. కోనసీమలో చాలా ఇళ్లకు ఇది అలవాటే. ఉదాహరణకు కీళ్లవాతానికి రాసిన చీటీలో ఇలా ఉందనుకుందాం.

Tab Pantoprazole 40 mg 1-0-0 AC
Tab Paracetamol 650 mg SOS
Tab Methotrexate 7.5 mg once weekly (Sun) x 4 wk

మూడు అంకెలుంటే వరుసగా ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. అంటే 1-0-0 ఉదయం ఒక్కటే, 1-0-1 అయితే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. AC అంటే తినకముందు, PC అంటే తిన్నాక. SOS అంటే నొప్పో జ్వరమో ఉన్నప్పుడు మాత్రమే. కొందరు అంకెలకు బదులు OD, BD, TDS అని రాస్తారు. రోజుకు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు అన్నమాట. (కళ్లజోడు చీటీలో మాత్రం OD అంటే కుడి కన్ను!)

అసలు జాగ్రత్త మూడో లైన్‌తోనే. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మొదటి లైన్‌లోది రోజువారీ మందు కాబట్టి ఇదీ అంతేననుకుని రోజూ వేసేసుకుంటారు. అలా చేస్తే రక్తకణాలను తయారుచేసే ఎముక మజ్జ దెబ్బతింటుంది. కిడ్నీ సమస్య ఉన్న పెద్దవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. నోట్లో పుళ్లు, జ్వరం, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే మాత్ర ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మామూలు నోటిపూత అనుకుని ఇంట్లో కూర్చోవద్దు.

ఫొటోలో ఈ పొరపాటు ఇంకా సులువు. weekly అన్న మాట చీటీ కుడి అంచున ఉంటుంది, ఫొటోలో సరిగ్గా ఆ అంచే తెగిపోతుంది. మడత పడితే 7.5లో చుక్క మాయమై 75లా కనిపిస్తుంది. అందుకే చీటీని బల్లమీద పరిచి, నాలుగు మూలలూ పడేలా పగటి వెలుతురులో తీయమనండి. మందుల షీట్ వెనకవైపు, షాపు బిల్లు ఫొటోలు కూడా అడగండి.

బిల్లు ఎందుకంటే.. లెక్క అక్కడే దొరుకుతుంది. నాలుగు వారాలకు వారానికొకటి అంటే నాలుగు మాత్రలే. బిల్లులో 28 ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. అయితే షాపులో 7.5 బదులు 2.5 మిల్లీగ్రాములవి ఇస్తే, ఆ ఒక్కరోజే మూడు కలిపి వేసుకోవాలి, మొత్తం 12 అవుతాయి. అంటే షీట్ మీద ఎన్ని మిల్లీగ్రాములో చూడకుండా మాత్రలు లెక్కపెడితే లాభం లేదు. షాపులో పది మాత్రల షీట్ మొత్తం ఇచ్చినా, మిగిలినవి రోజూ వేసి పూర్తిచేయడానికి కాదు.

అక్షరం అర్థం కాకపోతే ఊహించి చెప్పొద్దు. చీటీ పైన ఆస్పత్రి నంబర్ ఉంటుంది, దానికి ఫోన్ చేసి ‘ఇది రోజూనా, వారానికి ఒకసారా అండీ?’ అని అడగండి. వారానికి ఒకటే అని తేలితే, క్యాలెండర్‌లో ఆదివారాలకు సున్నా చుట్టి, ఆ మాత్రను మిగతా మందుల డబ్బాలో కాకుండా విడిగా పెట్టమని అమ్మకు చెప్పండి.