ఓవర్‌కు ఎన్ని కావాలి?

1975 జూన్ 7, లార్డ్స్. తొలి ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్‌పై భారత్‌ 60 ఓవర్లలో 335 పరుగులు చేయాలి. అంటే ఓవర్‌కు ఐదున్నరకు పైనే. ఓపెనర్‌గా దిగిన గావస్కర్ చివరిదాకా అవుట్ కాకుండా 174 బంతుల్లో 36 పరుగులే చేశాడు. జట్టు స్కోరు మూడు వికెట్లకు 132. చేతిలో ఏడు వికెట్లు మిగిలినా మ్యాచ్ పోయింది. పరుగులు ఓవర్‌కు రెండు చొప్పునే వస్తుంటే, సగం ఓవర్లు గడిచేసరికి కావలసిన రన్‌రేట్ తొమ్మిది చేరుతుంది. మిగిలిన పరుగులను మిగిలిన ఓవర్లతో భాగించడమే ఆ లెక్క. అందులో వికెట్ల ఊసే లేదు.

ఇలా ఓవర్లనూ పరుగులనూ మాత్రమే చూసే లెక్క ఎంత దారుణమో 1992లో సిడ్నీలో బయటపడింది. ప్రపంచ కప్ సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాకు 13 బంతుల్లో 22 పరుగులు కావలసి ఉండగా వాన పడింది. ఛేదించే జట్టు ఎన్ని ఓవర్లు కోల్పోతే, ప్రత్యర్థి అతి తక్కువ పరుగులు చేసిన అన్ని ఓవర్లను లెక్కలోంచి తీసేయాలన్నది అప్పటి నిబంధన. దాంతో ఓవర్లు పోయాయి గానీ లక్ష్యం దాదాపు తగ్గలేదు. చివరికి ఒక్క బంతికి 21 మిగిలాయి! నాకు ఇప్పటికీ అది అన్యాయంగానే తోస్తుంది. ఆ తర్వాత డక్‌వర్త్, లూయిస్ అనే ఇద్దరు గణాంక నిపుణులు మిగిలిన ఓవర్లనూ మిగిలిన వికెట్లనూ కలిపి తూచే పద్ధతి తెచ్చారు. 1997 జనవరి 1న హరారేలో అది తొలిసారి అమలైంది.

అయినా ఎవరు బౌలింగ్ చేస్తారన్నది ఏ లెక్కలోకీ రాలేదు. 2024 టీ20 ప్రపంచ కప్ ఫైనల్‌ను ఓవర్ ఓవర్‌గా చూస్తే అది అర్థమవుతుంది. బ్రిడ్జ్‌టౌన్‌లో అక్షర్ పటేల్ వేసిన 15వ ఓవర్లో 24 పరుగులొచ్చాయి. దక్షిణాఫ్రికాకు ఇక 30 బంతుల్లో 30 చాలు, ఆరు వికెట్లున్నాయి. రన్‌రేట్ ఆరుకు దిగింది. మ్యాచ్ చేజారిందనే మనలో చాలామంది అనుకున్నాం.

కానీ ఆ 30 బంతుల్లో 12 బుమ్రావి. అతను వేసిన 16వ ఓవర్లో నాలుగు, 18వ ఓవర్లో రెండు పరుగులే వచ్చాయి. ఆ ఆరూ పోను, మిగతా బౌలర్ల 18 బంతుల్లో 24 కొట్టాలి. అంటే బోర్డు మీద ఆరు కనబడినా అసలు రేటు ఎనిమిది. మధ్యలో 17వ ఓవర్ తొలి బంతికే హార్దిక్ క్లాసెన్‌ను అవుట్ చేశాడు. ఆ ఓవర్లోనూ నాలుగే.

బంతులు తరిగే కొద్దీ పొదుపైన ఓవర్ దెబ్బ పెద్దదవుతుంది. 16వ ఓవర్లో నాలుగే వస్తే రేటు ఆరు నుంచి ఆరున్నరకు పెరిగింది, అంతే. 18వ ఓవర్లో రెండే వచ్చేసరికి ఏడు చిల్లర నుంచి ఏకంగా పదికి ఎగబాకింది. అర్ష్‌దీప్ 19వ ఓవర్లో మళ్లీ నాలుగే ఇవ్వడంతో ఆఖరి ఆరు బంతులకు 16 మిగిలాయి. మొదటి బంతికే మిల్లర్ కొట్టిన షాట్‌ను సూర్యకుమార్ బౌండరీ దగ్గర పట్టేశాడు. దక్షిణాఫ్రికా ఏడు పరుగుల తేడాతో ఓడింది.