గైసువా (హౌసా పలకరింపు)

ఉత్తర నైజీరియా, నైజర్ దేశాల్లోని హౌసా ప్రజల్లో పలకరింపును గైసువా అంటారు. చిన్నవాళ్లే ముందుగా పలకరించాలి. పెద్దల ఎదుట మోకాళ్లు వంచి, చూపు దించుతారు. ఉదయం 'ఇనా క్వానా?' (రాత్రి ఎలా గడిచింది?) అని మొదలుపెడతారు. 'లాఫియా లౌ' (అంతా క్షేమం) అని బదులొస్తుంది. ఒంట్లో బాగాలేకపోయినా మొదటి జవాబు మామూలుగా ఇదే. అసలు సంగతి తర్వాత బయటపడుతుంది.

ఫోన్ సందేశంలో ఈ వంగడం కనిపించదు కదా, ఆ మర్యాదంతా మాటలే మోయాలి. డబ్బు సాయం కోరే కుర్రవాడు 'బాబా, ఇనా క్వానా? యా ఇయాలీ?' (కుటుంబం ఎలా ఉంది?) అని రాశాకే అవసరం చెబుతాడు. నేరుగా అడిగితే మనిషిని వదిలి డబ్బునే చూసినట్టవుతుంది.