పొట్టి పలకరింపు, పొడుగు అర్థాలు: పటాన్‌చెరు షిఫ్టుల్లో gm, hru, sup

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో చాలా ఫ్యాక్టరీలు మూడు షిఫ్టుల్లో నడుస్తాయి. ఒకరు డ్యూటీ దిగే వేళకు మరొకరు ఎక్కుతారు కాబట్టి షిఫ్టు మార్చుకోవాలన్నా, సెలవు అడగాలన్నా వాట్సాప్ సులువైన దారి. అక్కడ మాట మొదలుపెట్టే gm, hru, sup అనే పొట్టి పలకరింపులను పెద్దవాళ్లు ఒకలా, కుర్రాళ్లు మరోలా తీసుకుంటారని అంటుంటారు. ఆ తేడా నిజంగా వయసుదేనా అన్నది ఇక్కడి ప్రశ్న.

ముందుగా ఈ పొట్టి రాతలు ఎందుకు పుట్టాయో చూడాలి. పాత కీప్యాడ్ ఫోన్‌లో ఒక్కో మీటకు మూడు నాలుగు అక్షరాలు ఉండేవి. good morning అని పూర్తిగా కొట్టాలంటే ఖాళీతో కలిపి 24 నొక్కులు. gm అయితే రెండే. how are you కు 22 నొక్కులు, hru కు 7. ఎస్ఎమ్ఎస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పట్టేవి. తెలుగు లిపిలో రాస్తే ఆ హద్దు 70కి పడిపోయేది, గుణింతాలూ విడిగా లెక్కకొచ్చేవి. అంటే ఆ రోజుల్లో పొట్టిగా రాయడం బద్ధకం కాదు, పొదుపు. ఇప్పుడు నలభైల్లో ఉన్న షిఫ్ట్ ఇన్‌ఛార్జీల్లో చాలామంది మెసేజ్ రాయడం నేర్చుకున్నది ఆ ఫోన్ల మీదే. వాళ్లకు gm మామూలు పలకరింపుగానే కనిపించే అవకాశం ఎక్కువ.

2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక తొలిసారి స్మార్ట్‌ఫోన్ పట్టుకున్న పెద్దవాళ్ల దారి వేరు. వాళ్లలో చాలామంది టైపింగ్ జోలికి పోకుండా పూలు, దేవుడి బొమ్మలున్న గుడ్ మార్నింగ్ చిత్రాలు పంపడం మొదలుపెట్టారు. భారతీయుల ఫోన్లు ఈ చిత్రాలతోనే నిండిపోతున్నాయని 2018లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. రోజూ చిత్రం వెతికి పంపే మనిషికి బదులుగా రెండక్షరాలు వస్తే వెలితిగా తోచవచ్చు. ఇక ఇరవై ఏళ్ల అప్రెంటిస్ ఫోన్‌లో రెండక్షరాలు కొట్టగానే పూర్తి మాటను కీబోర్డే చూపిస్తుంది. పొదుపు అవసరం లేనిచోట పొట్టిగా రాస్తే, కావాలనే అలా రాశారన్న అనుమానానికి చోటుంటుంది.

ఈ అనుమానానికి కొంత ఆధారం ఉంది. డేవిడ్ ఫాంగ్, యిరాన్ జాంగ్, శామ్ మాగ్లియో 2024లో ప్రచురించిన ఎనిమిది అధ్యయనాల్లో 5 వేల మందికి పైగా పాల్గొన్నారు. పొట్టి రాతలు పంపినవారు తక్కువ శ్రమ పెట్టారని, అందుకే మనస్ఫూర్తిగా రాయలేదని చదివినవారు భావించారు. జవాబివ్వాలన్న ఆసక్తీ తగ్గింది. అయితే అవి ఇంగ్లీషు సంభాషణల మీద చేసిన పరీక్షలు. వాటిని ఉన్నదున్నట్టు పటాన్‌చెరుకు తెచ్చి అతికించలేం.

ఎందుకంటే తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. ‘మంచిగున్నవా’ అనాలా, ‘మంచిగున్నారా’ అనాలా అన్నది నోరు తెరవకముందే తేల్చుకోవాలి. hru ఆ చిక్కును దాటేస్తుంది. పైగా ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కార్మికులతో పనిచేసేచోట gm ఏ ఒక్కరి భాషా కాదు, అందరికీ అందుతుంది. దాటేసిన మర్యాదను పక్కన చేర్చే ‘సార్’, ‘అన్నా’ తిరిగి తెస్తాయి. sup పరిస్థితి వేరు. అది తోటివాళ్ల మాట. పై అధికారికి పంపితే చనువు మీరినట్టు అనిపించవచ్చు, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌కు పొట్టిరూపమని పొరబడే వీలూ ఉంది.

ఊహించిన ఉదాహరణ ఒకటి చూద్దాం. రాత్రి డ్యూటీ దిగి పడుకోబోతున్న కుర్రాడికి ఉదయం ఏడింటికి ఇన్‌ఛార్జి నుంచి ఒట్టి gm వస్తుంది. పంపినవారికి అది పలకరింపు. అందుకున్నవాడికి మాత్రం ‘ఓవర్‌టైమ్ అడుగుతాడేమో’ అన్న గుబులు. అదే మెసేజ్‌లో ‘gm తమ్మీ, రేపు బి షిఫ్టుకు రాగలవా?’ అని ఉంటే ఊహకు పనిలేదు. ఇక్కడ తేడా తెచ్చినవి మూడు: ఎవరు ఎవరికి పంపారు, ఏ వేళకు పంపారు, విషయం రాశారా లేదా. వీటిలో వయసు లేదు.

కాబట్టి వయసు ప్రభావాన్ని తేల్చాలంటే ఈ మూడింటినీ విడదీయాలి. ఒకే అభ్యర్థనను ఒట్టి gm తో, ‘gm సార్’తో, పూర్తి తెలుగు పలకరింపుతో రాసి, వేర్వేరు వయసులవారికి ఒక్కొక్కరికి ఒక్క రూపమే చూపాలి. పంపిన మనిషి హోదా, సమయం అందరికీ ఒకేలా ఉంచాలి. మర్యాదగా ఉందా, వెంటనే జవాబిస్తారా అని అడగాలి. తొలి ఫోన్ కీప్యాడ్‌దా, టచ్‌స్క్రీన్‌దా అన్నదీ నమోదు చేయాలి. ఒకే వయసువారిలో తొలి ఫోన్‌ను బట్టి జవాబులు చీలితే, తరాల తేడాగా కనిపించేది చాలావరకు అలవాటు తేడా అని చెప్పవచ్చు. చీలకపోతే ఈ వ్యాసంలోని వాదన బలహీనపడుతుంది.