అధ్యక్షుడినే నిలదీసినవాడు చివర్లో "విధేయుడు" అంటాడా?

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క వాక్యం గురించి. ఒక ఫ్రెంచ్ ఉత్తరంలో సంతకానికి సరిగ్గా పైన ఉన్న వాక్యం. దాన్ని తెలుగులోకి తేవాలంటే ఎక్కడ ఇరుక్కుంటామో చూద్దాం.

1898 జనవరి 13. పారిస్‌లో లోరోర్ అనే పేపర్ ఫ్రంట్ పేజీలో ఒక బహిరంగ లేఖ వచ్చింది. రాసింది నవలా రచయిత ఎమిల్ జోలా. ఎవరికి? సాక్షాత్తూ దేశాధ్యక్షుడు ఫెలిక్స్ ఫోర్‌కి. హెడ్డింగ్ "జాక్యూజ్", అంటే "నేను నేరం మోపుతున్నాను" అని. విషయం ఏంటంటే, ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ అనే యూదు ఆఫీసర్‌ని 1894లో జర్మనీకి గూఢచారి అని ముద్రవేసి, దూరంగా డెవిల్స్ ఐలాండ్‌లో పడేశారు. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. జోలా సైన్యాధికారుల పేర్లు పెట్టి మరీ ఏకిపారేశాడు, దమ్ముంటే నన్ను కోర్టుకి లాగండి అన్నాడు. లాగారు కూడా. ఏడాది జైలు శిక్ష పడింది, ఆయన ఇంగ్లండ్ పారిపోవాల్సి వచ్చింది.

అంత మంట పెట్టిన ఉత్తరం ఎలా ముగిసిందో తెలుసా? అధ్యక్షుడికి తన ప్రగాఢ గౌరవాన్ని స్వీకరించమని చెప్పే, ఆ రోజుల్లో అందరూ వాడే మామూలు మర్యాద వాక్యంతో! వెటకారం అనుకుంటున్నారా? కాదండి. ఫ్రెంచ్‌వాళ్ళకి అది ఉత్తరానికి తలుపు లాంటిది. లోపల ఎంత గొడవైనా, బయటికెళ్ళేటప్పుడు తలుపు వేసే వెళ్తారు.

ఈ తలుపుకి ఒక కథ ఉంది. రాజుల కాలంలో పెద్ద పెద్ద ప్రభువులు కూడా ఉత్తరం చివర "మీ అతి వినయ, అతి విధేయ సేవకుణ్ణి" అని రాసుకునేవాళ్ళు. విప్లవం వచ్చాక, 1790లలో, సేవకుడేంటి, అందరం పౌరులమే కదా అని "సాల్యూ ఎ ఫ్రతెర్నితే" పెట్టారు. అంటే వందనం, సోదరభావం. కొందరైతే "వూ" అనే మర్యాద పిలుపే వద్దు, అందరినీ "తు" అనాల్సిందే అన్నారు. అంటే కలెక్టర్‌ని కూడా "నువ్వు" అనడం అన్నమాట! అది ఎక్కువ కాలం నిలవలేదు.

తర్వాత స్థిరపడింది "వొయే అగ్రేయే" టైపు, అంటే "దయచేసి స్వీకరించండి". సేవకుడు పోయాడు గానీ మెట్లు పోలేదు, అవి పదాల్లోకి దూరాయి. ఉత్త "రసవే" (అందుకోండి) అంటే పైవాడు కిందివాడికి రాసినట్టు. "స్వీకరించమని మిమ్మల్ని ప్రార్థిస్తున్నాను" అంటే బాగా వంగినట్టు. ఏది స్వీకరించాలి అన్నదాంట్లోనూ తేడానే. "కోన్సిదెరాసియోఁ", అంటే మన్నన, సమానుల మధ్యో పైనుంచి కిందికో నడుస్తుంది. "రెస్పె", అంటే గౌరవం, కింది నుంచి పైకే వెళ్తుంది. జోలా ఎంచుకున్నది రెండోది. మన్నన అని ఉంటే అధ్యక్షుడిని కాస్త చిన్నచూపు చూసినట్టయ్యేది.

ఇప్పుడు దీన్ని తెలుగు చేద్దాం. పదానికి పదం వేస్తే "నా ప్రగాఢ గౌరవపు హామీని స్వీకరించండి". హామీ ఏంటి, ఎలక్షన్ మేనిఫెస్టోనా? సరే, మన అలవాటు ప్రకారం "ఇట్లు, తమ విధేయుడు, ఎమిల్ జోలా" అందాం. స్కూల్ లీవ్ లెటర్‌లో అందరం రాసిందే. కానీ ఇక్కడ అది ఘోరం. నన్ను జైల్లో పెట్టుకోండి అన్న మనిషి నోట్లో "చెప్పినట్టు వింటాను" అనే మాట పెట్టాం! ఫ్రెంచ్‌వాళ్ళు ఆ విధేయ సేవకుణ్ణి ఎప్పుడో వెనక్కి నెట్టేశారు, మనం మళ్ళీ పిలుచుకొచ్చినట్టు. మరి "భవదీయుడు"? అది సమానులకి సరిపోతుంది గానీ ఇక్కడ ఆ పైమెట్టు కనబడదు.

అసలు చిక్కు ఏంటంటే, మన మర్యాద ఉత్తరం అడుగున ఉండదు. మన పాత ఉత్తరాల్లో పైనే "మహారాజశ్రీ ఫలానా గారికి" అని తేల్చేస్తారు, తర్వాత ప్రతి క్రియలోనూ మోస్తారు. ఫ్రెంచ్‌లో ఉన్నవి "తు", "వూ" రెండే. మనకి నువ్వు, మీరు, తమరు అని కనీసం మూడు. మరి జోలా "వూ"ని ఏం చెయ్యాలి? అధ్యక్షుడు కదా, "తమరు" పెట్టేద్దాం అనిపిస్తుంది. పెట్టి చూడండి: "తమరి హయాంలో ఈ అన్యాయం జరిగింది." వినడానికి ఎలా ఉంది? లేటుగా లేచిన కొడుకుతో అమ్మ "తమరు ఇప్పుడు లేచారా" అన్నట్టు లేదూ! తిట్టే చోట తమరు వస్తే అది పక్కా వెటకారం. జోలా చెయ్యని పని అది.

అందుకే నేనైతే ఒళ్ళంతా "మీరు"తోనే నడిపి, బరువు పిలుపు మీద వేస్తాను. ఫ్రెంచ్‌లో ఒక రూల్ కూడా ఉంది, ఉత్తరం మొదట ఎలా పిలిచారో ముగింపులోనూ అదే పిలుపు రావాలి. కాబట్టి పైన "అధ్యక్ష మహాశయా", మధ్యలో అవసరమైన చోటల్లా అదే, చివర్లో:

"అధ్యక్ష మహాశయా, మీ పట్ల ప్రగాఢ గౌరవంతో, ఎమిల్ జోలా."

ఇట్లు లేదు, విధేయుడు లేడు. అయితే "స్వీకరించండి" అని అడగడం పోయింది. ఫ్రెంచ్‌లో అధ్యక్షుడు చెయ్యి చాచి అందుకోవాలి, నా తెలుగులో జోలా ఒక్కడే నిలబడి చెప్పి వెళ్ళిపోతున్నాడు. "నా గౌరవాన్ని స్వీకరించగలరు" అని పెడితే కుదురుతుందా? నాకైతే గవర్నమెంట్ ఆఫీసు సర్క్యులర్ చివరి లైన్‌లా వినిపిస్తోంది. మీ వెర్షన్ ఉంటే కామెంట్‌లో పెట్టండి, కానీ ఒక్క కండిషన్, "విధేయుడు" మాత్రం వద్దు.