పుల్లరి చీటి
(కన్నెగంటి హనుమంతు స్మారకోపన్యాస సభలో చెప్పిన తొలిపలుకులు)



ఏటేట ఫిబ్రవరి మాసమున మన గ్రంథాలయమునందు కన్నెగంటి హనుమంతుగారి పేర ఒక చరిత్రోపన్యాసము జరుగుచున్నది. వక్తగారికి వేదిక నొప్పగించుటకు ముందు, ఎవరి పేర మనమిట కూడితిమో విన్నవించు భారమును కార్యవర్గమువారు నాపై నుంచిరి. నేను పండితుడను గాను; ఊరి లెక్కలు వ్రాయువాడను. కావున లెక్కతోనే మొదలుపెట్టెదను.

పుల్లరియన అడవిలో పశువులను మేపుకొన్నందుకు సర్కారునకు చెల్లింపవలసిన రుసుము. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిమ్మట మన పలనాటి అడవులు అనేకము రిజర్వు అడవులయ్యెను. పొలిమేర దాటగనే సర్కారు హద్దురాయి. ఒక్క సంసారము నెత్తికొని చూతము. రెండెడ్లు, ఒక గేదె, ఒక పెయ్య. చేలు కోసిన పిదప తొలకరి వరకు ఈ మెట్టభూమిలో గడ్డిపరక దొరకదు, అడవియే దిక్కు. తలకింతయని పుల్లరి కట్టి చీటి పుచ్చుకొనవలెను. చీటి మూడింటికే యుండి నాలుగవది మందతో కలిసిపోయెనా, దానిని బందెలదొడ్డికి తోలుదురు. అపరాధపు సొమ్ము వేరు, దొడ్డిలో వేసిన మేత ఖర్చు వేరు. గడువులోగా విడిపించుకొననిచో వేలము. దున్నవలసిన వేళకు ఎద్దు వేలములో పోయిన రైతునకు పోయినది పుల్లరి సొమ్ము కాదు, ఆ యేటి పంట. రుసుము స్వల్పమే కదా, ఇంత పోరాటమేల యని అడుగువారు ఈ లెక్కను చివరివరకు వేసి చూడవలెను.

1921లో సహాయనిరాకరణము దేశమంతట వ్యాపించినపుడు పలనాటివారు పుల్లరి కట్టుట మానిరి. చీటి లేకయే పశువులను అడవికి తోలిరి. వచ్చిన ఉద్యోగులకు డబ్బిచ్చినను బియ్యము, ఉప్పు పుట్టలేదు. చాకలి, మంగలి పనులు నిలిచిపోయెను. ఇచటి స్థితిని తెలిసికొనుటకు కాంగ్రెసు పక్షమున వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారిగార్లను నిర్బంధించిరి. నాయకులు చెరసాలకు పోయినను ఊళ్లు లొంగలేదు. అట్టి ఊళ్లలో ఒకటి దుర్గి దాపున గల మించాలపాడు. అచటి పెద్దరైతు హనుమంతు.

ఇచట తేదీలను కొంచెము శ్రద్ధగా చూడవలెను. చౌరీచౌరా ఉదంతము 1922 ఫిబ్రవరి మొదటి వారమున జరిగినది. ఆ నెల 12వ తేదీన బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గము శాసనోల్లంఘనమును నిలిపివేసినది. మించాలపాటిపైకి పోలీసులు వచ్చినది ఆ తరువాతనే, అదే మాసమున. ఉద్యమమాగెను గాని పుల్లరి వసూలు ఆగలేదు. పశువులను పట్టుకొనిపోవ వచ్చిన బలగమునకు గ్రామస్థులు అడ్డు నిలిచిరి, కాల్పులు జరిగెను, హనుమంతు నేలకొరిగెను. జనము తిరుగబడినందున కాల్చవలసివచ్చెనని సర్కారు పక్షము. నేలబడినవాడు దాహమడిగినను నీరిచ్చుటకు ఎవరిని దగ్గరకు రానీయలేదని ఊరి మాట. హనుమంతు తన చేతితో వ్రాసి యుంచినదేదియు మన యెదుట లేదు.

ఊరి మాటలో ఇంకొకటి కలదు. దానిని దాచిపెట్టి నేనీ వేదికపై నిలువరాదు. హనుమంతును పట్టి యిచ్చినది ఒక కరణమని పలనాట చెప్పుకొందురు. మాది కరణీకపు కుటుంబము. 1984లో ఆ ఉద్యోగములు రద్దగువరకు మా తండ్రిగారు చేసిరి. మొదటి సంవత్సరము నేనీ పరిచయము చేయ లేచినపుడు వెనుక వరుసనుండి ఒక వృద్ధుడు, “ఏమయ్యా, కరణం కొడుకువా హనుమంతు సంగతి చెప్పేది?” యని అడిగెను. సభ నవ్వినది, నాకు నవ్వు రాలేదు. అదే గుంటూరు మండలమున, ఆ కాలముననే, పెదనందిపాడు ప్రాంతమున కరణములు, మునసబులు పెక్కుమంది రాజీనామాలిచ్చిరని చెప్పి తప్పించుకొనవచ్చును. అది నిజమే. కాని అచటి జమ ఇచటి ఖర్చును కొట్టివేయదు. ఆ వృద్ధునకు ఆనాడు నేను చెప్పినదొకటే: “తాతా, అందుకే నేను చెప్పవలెను.”

ఈ ఉపన్యాసమును ఏటేట జరుపుటకు హేతువు కూడ అదియే. 2022లో నూరేండ్లు నిండినవి. ఇక చాలించి విగ్రహమునకు పూలదండ వేసిన చాలునని కొందరు మిత్రులు సలహా యిచ్చిరి. కార్యవర్గము ఒప్పుకొనలేదు. వెనుకటి రోజులలో ఏటేట జమాబందీకి గ్రామ లెక్కలు తీసికొనిపోయి అధికారి యెదుట ప్రతి పద్దును సరిచూపించెడివారు. హనుమంతు లెక్కలో సర్కారు కాగితమొకవైపు, జనుల జ్ఞాపకమొకవైపు నున్నవి, రెండును కలియవు. కావున ఇచట వక్తకు మేము పెట్టిన నియమమొక్కటే: ఏది కాగితమున చూచితిరో, ఏది చెవిని వింటిరో విడదీసి చెప్పవలెను. స్తోత్రములు చేసిపోయిన వక్తలు లేకపోలేదు. వారిని మరల పిలువలేదు.

ఇక వక్తగారిని ప్రార్థించుచున్నాను. సభ ముగిసిన పిమ్మట, ఎవరి యింటనైనను పాత పుల్లరి చీటిగాని, బందెలదొడ్డి రసీదుగాని యుండినచో గ్రంథపాలకునకు చూపుడు. ఆయన నకలు వ్రాసికొని, అసలు మీకే యిచ్చివేయును.