నిజామాబాద్ జాబితాలో ఇంకా బాన్సువాడ

2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. రెంజల్, బోధన్ నిజామాబాద్‌లోనే ఉండిపోయాయి. బాన్సువాడ కొత్త కామారెడ్డి జిల్లాకు వెళ్లింది. ఆ రోజు ఒక ఆఫీసులో మండలాల మాస్టర్ టేబుల్‌ను సరిచేశారనుకుందాం. టేబుల్‌లో అంతా సరిగ్గానే ఉంది. అడ్మిన్ స్క్రీన్‌లో నిజామాబాద్ ఎంచుకుంటే మాత్రం డ్రాప్‌డౌన్‌లో బాన్సువాడ కనిపిస్తూనే ఉంది. సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెడితే పోతుంది. టేబుల్ కొత్తది, తెర పాతది, రీస్టార్ట్ చేస్తే సరి: ఈ మూడూ కలిస్తే తప్పు క్యాష్‌దేనని దాదాపు తేల్చేయవచ్చు.

క్యాష్ పుట్టినప్పుడు ఈ బాధ లేదు. 1965లో కేంబ్రిడ్జ్‌కు చెందిన మారిస్ విల్క్స్, నెమ్మదైన పెద్ద మెమరీకి ముందు వేగమైన చిన్న మెమరీని పెట్టాలని ప్రతిపాదించాడు. ప్రాసెసర్ రాసే ప్రతి మార్పూ ఆ చిన్న మెమరీ మీదుగానే పోతుంది కాబట్టి ప్రాసెసర్ చేసే మార్పేదీ దానికి తెలియకుండా జరగదు.

2003లో బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ లైవ్‌జర్నల్ కోసం మెమ్‌క్యాష్‌డ్ తయారుచేశాడు. ఇది డేటాబేస్‌కు ముందు కాదు, పక్కన ఉంటుంది. టేబుల్ మారిన సంగతి ప్రోగ్రామే దానికి చెప్పాలి:

```
delete mandals:nizamabad
```

ఈ ఒక్క వరుస మరిచిపోతే, గడువు కింద 0 ఇచ్చి దాచిన జాబితా కాలం గడిచినంత మాత్రాన పోదు.

వరుస రాసినా ఒక సందు మిగులుతుంది. క్యాష్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక గుమాస్తా స్క్రీన్ తెరుస్తాడు. సర్వర్ టేబుల్ నుంచి పాత జాబితా చదువుతుంది, ఇంకా క్యాష్‌లో పెట్టలేదు. సరిగ్గా అప్పుడే అడ్మిన్ మార్పు కమిట్ అవుతుంది, డిలీట్ కూడా వెళుతుంది. ఆ తర్వాత, ముందే చదివిన సర్వర్ తన చేతిలోని పాత జాబితాను క్యాష్‌లో పెడుతుంది. ఎవరి కోడ్‌లోనూ తప్పు కనబడదు, బాన్సువాడ మాత్రం తిరిగి వస్తుంది.

ఫేస్‌బుక్ ఇంజినీర్లు దీనికి కనిపెట్టిన ఉపాయాన్ని 2013లో ప్రచురించారు. దాని పేరు లీజు. అడిగిన జాబితా క్యాష్‌లో లేకపోతే, క్యాష్ 64 బిట్ల టోకెన్ ఒకటి ఇస్తుంది. జాబితాను తెచ్చి పెట్టేటప్పుడు ఆ టోకెన్ చూపాలి. మధ్యలో డిలీట్ వస్తే టోకెన్ చెల్లదు, పాత జాబితాను క్యాష్ తీసుకోదు. పక్కన కూర్చున్న క్యాష్‌కు, తన వెనక ఏదో మారిందని గుర్తుపెట్టుకునే వీలు ఇలా దొరికింది. నాకు ఇందులో బాగా నచ్చేది, ఆలస్యంగా వచ్చిన రాతను మాత్రమే తిప్పిపంపడం.

అయితే డిలీట్ అసలు రాకపోతే లీజు ఏమీ చేయలేదు. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కూడా జిల్లాలయ్యాయి. అలాంటి రోజు ఎవరైనా అడ్మిన్ స్క్రీన్ వదిలేసి నేరుగా టేబుల్ మీదే స్క్రిప్టు నడిపితే, కమిట్ తర్వాత మారిన ప్రతి జిల్లాకూ డిలీట్ పంపే పని ఆ స్క్రిప్టుదే.